అన్నం కాడ ఫోన్ల మీద వ్యంగ్య పద్యం: మంజరీ ద్విపదలో, చివరి మలుపు దాకా

కాలేజీ పత్రికకు ప్రతి ఏడాదీ ఫోన్ల మీద కవితలు వస్తాయి. హన్మకొండలో మా కాలేజీ పత్రికకు వచ్చే కట్టలో అలాంటివి పది పన్నెండు దాకా ఉంటాయి. చాలావరకు ఒకే తీరుగా నడుస్తాయి. మొదట ఫోన్‌ను భూతమనో విషమనో అంటారు, తర్వాత పాత రోజులను తలుచుకుంటారు, చివర "ఓ యువతా మేలుకో" అని ముగిస్తారు. చదివినవాళ్ళు తప్పు పట్టరు, కానీ మర్నాటికి ఒక్క పంక్తి కూడా వాళ్ళకు గుర్తుండదు.

పోయినసారి రెండో సంవత్సరం అమ్మాయి ఒకరు ఇదే విషయం మీద రాసుకొచ్చింది. వాళ్ళది జగిత్యాల వైపు ఊరు, ఇక్కడ హాస్టల్‌లో ఉండి చదువుకుంటుంది. మొదటి ప్రతి మామూలుగానే ఉంది. ఇద్దరం కూర్చుని దాన్ని నాలుగు సార్లు తిరగరాశాం. చివరికి పద్నాలుగు పంక్తులు నిలిచాయి. ఆ పని జరిగిన వరుసనే ఇక్కడ చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పద్యం ఎక్కడ చెడుతుందో, ఎక్కడ బాగుపడుతుందో ఆ వరుసలోనే తెలుస్తుంది.

మొదట మూడు రాత్రులు చూడండి

పద్యం మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో మూడు రాత్రుల భోజనాన్ని గమనించి, పడుకునే ముందు గుర్తున్నది కాగితం మీద పెట్టుకోండి. అభిప్రాయాలు రాయొద్దు, చేతలు రాయండి. "అన్నకు ఫోన్ పిచ్చి" అనేది అభిప్రాయం. "అన్న ఎడమ చేతి బొటనవేలుతో స్క్రీన్ జరుపుతున్నాడు, కుడి చేతిలో పప్పు కలిపిన ముద్ద అట్లనే ఉంది" అనేది చేత. వ్యంగ్యం చేతలోనే పుడుతుంది.

ఆ అమ్మాయి సెలవులకు ఇంటికి పోయి వచ్చి నాకు చూపించిన కాగితంలో ఇవి ఉన్నాయి. అన్న రీల్స్ చూస్తాడు, పప్పు అంటిన వేలు స్క్రీన్‌కు తగులుతుంది. అమ్మ కూర గిన్నెకు ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెడుతుంది, ఎవరు బొమ్మ పెట్టారో చూసుకుంటూ కూర్చుంటుంది. నాయినమ్మ ఏదో గుడిలో జరిగే పూజ ఫోన్‌లో చూస్తుంది, చేతిలో ముద్ద ఎండిపోతుంది. తను స్టేటస్ మార్చుకుంటుంది. కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇంకొకటి ఉంది: "బాపు వీడియో కాల్. ఫోన్ చెంబుకు ఆనించినం."

మొదటి ప్రతిలో ఈ చివరి ముచ్చట లేదు. అడిగితే "అది వేరే విషయం కదా సార్" అన్నది. అసలు పద్యం అక్కడే ఉంది. ఫోన్లను తిట్టే పద్యంలో ఒక ఫోన్ తిట్టుకు లొంగకుండా నిలబడింది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో రాత్రి అన్నం దగ్గర ఒక ఫోన్ నిలబడి ఉండడం కొత్త కాదు. హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్ళకు తట్టని మలుపు మన దగ్గర పళ్ళెం పక్కనే ఉంటుంది.

మలుపును ముందే తేల్చుకోండి

మలుపు ఉండే పద్యాన్ని పైనుంచి కిందికి రాయకూడదు. చివరి రెండు పంక్తులు ముందు రాసి, అక్కడికి చేర్చే దారి తర్వాత వేయాలి. అలా కాకుండా పైనుంచి రాస్తూ పోతే చివరికి వచ్చేసరికి మొదట తట్టిన మలుపునే అతికిస్తాం, మొదట తట్టేది అందరికీ తట్టేదే.

ఈ విషయంలో నేను మళ్ళీ మళ్ళీ చూసిన మలుపులు మూడు. కరెంటు పోయి అందరూ తలలెత్తి ఒకరినొకరు చూసుకోవడం ఒకటి. పెద్దమనిషి కూడా చాటుగా ఫోన్ చూస్తూ దొరికిపోవడం రెండోది. ఇంతసేపూ తిట్టిన కవి కూడా ఆ పద్యాన్ని ఫోన్‌లోనే టైపు చేశానని ఒప్పుకోవడం మూడోది. మూడో దాన్ని రాసినవాళ్ళు చాలా తెలివైందనుకుంటారు, కానీ పాఠకుడు సగం దారిలోనే దాన్ని ఊహిస్తాడు.

ఊహించే మలుపును పారేయాల్సిన పని లేదు, దాన్ని మధ్యలో వాడుకోవచ్చు. ఈ పద్యంలో తొమ్మిది, పది పంక్తులు చూడండి. "నేను కూడా ఫోన్లోనే నీతులు చెప్పాను" అనే ఒప్పుకోలు అక్కడ వస్తుంది. పాఠకుడు "ఓహో, ఇదే కొసమెరుపు" అనుకుని కాపలా దించుతాడు. అసలు మలుపు ఆ తర్వాత నాలుగు పంక్తులకు వస్తుంది.

మా మలుపు ఇది: ఇంట్లో అందరి ముఖాలూ చూస్తున్నది ఒక్క తండ్రే. అతని చేతిలో ఫోన్ లేదని మనం మెచ్చుకుంటాం. తీరా చూస్తే అతనే ఫోన్ లోపల ఉన్నాడు.

ఛందస్సు: మంజరీ ద్విపద

వచన కవిత కాకుండా పద్యమే ఎందుకంటే, వ్యంగ్యానికి తూకం కావాలి. పంక్తి సరిగ్గా ఒకే చోట ఆగితేనే దెబ్బ తగులుతుంది. ద్విపదే ఎందుకంటే, అది ఈ నేల మీద తిరిగిన ఛందస్సు. ఇప్పటి జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు బసవ పురాణాన్ని ద్విపదలోనే రాశాడు. జనం పాడుకోవడానికి వీలుగా ఉంటుంది, పంక్తి పొట్టిగా ఉంటుంది, మన మాటను బాగా మోస్తుంది. ద్విపదలో రెండు పంక్తులకూ రెండో అక్షరం ఒకటిగా ఉండాలనే ప్రాస నియమం ఉంది. ఆ ప్రాస వదిలేస్తే మంజరీ ద్విపద అంటారు. మొదటిసారి రాసేవాళ్ళకు మంజరి చాలు.

అక్షరాల లెక్క ఒక్కసారి గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా సాధనే. పొట్టిగా పలికే అక్షరం లఘువు, దాన్ని "ల" అందాం. దీర్ఘం, సున్న ఉన్న అక్షరం, పొల్లుతో ముగిసే అక్షరం, అదే మాటలో ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరం గురువు, దాన్ని "గ" అందాం. "అన్న"లో మొదటి "అ" పొట్టిదే అయినా వెనుక "న్న" ఉంది కాబట్టి గురువు. పక్క మాట మొదట్లో ఒత్తు ఉంటే దాని బరువు ముందు మాట మీద పడదు. అందుకే "ఫోటోలు గ్రూపుల" అన్నప్పుడు "లు" లఘువుగానే ఉంటుంది.

పంక్తికి నాలుగు గణాలు, అంటే లఘువు గురువుల గుంపులు. మొదటి మూడూ ఇంద్ర గణాలు, చివరిది సూర్య గణం. ఇంద్ర గణాలు ఆరు: గలల, గలగ, గగల, లలలల, లలలగ, లలగల. సూర్య గణాలు రెండే: గల, లలల. పంక్తిలో మొదటి అక్షరానికీ మూడో గణం మొదటి అక్షరానికీ స్నేహం ఉండాలి, అదే యతి. క ఖ గ ఘ లు ఒక జట్టు, ప ఫ బ భ వ లు ఒక జట్టు, చ జ శ స లు ఒక జట్టు, అలా. హల్లుతో పాటు అచ్చు కూడా కలవాలి: అ ఆ ఐ ఔ ఒక గుంపు, ఇ ఈ ఎ ఏ ఒక గుంపు, ఉ ఊ ఒ ఓ ఒక గుంపు. మొదలుపెట్టడానికి ఇంత చాలు.

ఒక పంక్తిని విప్పి చూద్దాం.

అన్నకు / రీలంటె / అన్నమే / మరుపు
గలల / గగల / గలగ / లలల

మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. మొదటి అక్షరం "అ", మూడో గణం మొదటి అక్షరం "అ", యతి కుదిరింది. "రీలంటె అన్నమే" అన్నచోట రెండు అచ్చులు పక్కపక్కన పడ్డాయి. పాత పద్ధతిలో అక్కడ సంధి చేయాలి. వాడుక మాటలో రాసే పత్రిక పద్యంలో విడిగా ఉంచడమే నాకు ఇష్టం, చదివే నోటికి అదే సులువు. ఛందస్సు పోటీకి పంపేవాళ్ళు మాత్రం అలాంటి చోట్లు రానివ్వకుండా హల్లుతో మొదలయ్యే మాటలు ఎంచుకోవాలి.

గణాలు చూసి భయపడేవాళ్ళకు ఒక ఉపాయం. ముందు సూర్య గణాన్ని, అంటే పంక్తి చివరి మాటను ఎంచుకోండి. మాట, పూజ, గంట, కూర, ఫోను, బువ్వ, బాపు: ఇవన్నీ గల. అలికె, మరుపు, అడిగె: ఇవి లలల. తర్వాత మొదటి మాట తీసుకుని, దాని మొదటి అక్షరానికి జట్టు మాటను మూడో గణం మొదట్లో పెట్టండి. అప్పుడు రెండు కొసలు, నడుమ ఒక మేకు దొరుకుతాయి. మిగిలింది పూరించడమే.

గణాలు కుదిరినా పంక్తి చచ్చిపడే చోటు

చాలామంది ఇక్కడ మోసపోతారు. అన్న గురించి ఆ అమ్మాయి మొదట రాసిన పంక్తి ఇది:

అన్న ఎప్పుడు చూడు ఆ ఫోనులోనె

లెక్క పెట్టి చూస్తే గలగ, లలగల, గగల, గల. యతి అ, ఆ లకు కుదిరింది. ఛందస్సులో తప్పు లేదు. కానీ అందులో చూడడానికి ఏమీ లేదు. ఎవరింట్లో ఏ అన్న గురించైనా చెప్పగలిగే మాట. కాగితం మీద ఉన్న పప్పు వేలు పద్యంలోకి రాలేదు. నేను అడిగింది ఒక్కటే: "ఈ పంక్తికి బొమ్మ గీయమంటే ఏం గీస్తావ్?" ఆమె వేలు గీస్తానంది. అయితే వేలుతోనే మొదలుపెట్టమన్నాను. రెండు రోజుల తర్వాత ఇట్లా వచ్చింది:

అన్నకు రీలంటె అన్నమే మరుపు
వేలికంటిన పప్పు వీడియోకంటు

అన్న, అన్నం అనే రెండు మాటలు పక్కపక్కన రావడం యతి వల్లే జరిగింది. యతిని చాలామంది సంకెల అనుకుంటారు. అది మాటలను వెతికిస్తుంది, మామూలుగా మనకు తట్టని జతను తెచ్చి పెడుతుంది. "కూరవి ఫోటోలు" అని మొదలుపెట్టాక క, గ జట్టులో ఊకారం ఉన్న మాట కోసం వెతికితే "గ్రూపుల" దొరికింది, అమ్మ సంగతంతా ఆ ఒక్క మాటతో కుదిరింది.

అమ్మ పంక్తిలో ఇంకో పాఠం ఉంది. మొదట "ఆకలి విడిచి" లైకులు చూసిందని రాసింది. విడిచి అంటే ఫిర్యాదు. దాన్ని "ఆకలి దీర" అని మార్చాం. లైకులతోనే కడుపు నిండినట్టు చెప్పడం వ్యంగ్యం. ఫిర్యాదు చేస్తే పాఠకుడు తలూపుతాడు, మెచ్చుకున్నట్టు చెబితే నవ్వుతాడు. నింద మాట కనిపించిన ప్రతి చోటా దాన్ని పొగడ్తగా తిప్పగలమేమో చూడండి. ఒక్క గణం మారితే చాలు.

నాయినమ్మ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ముసలితనం మీద, చదువు రాకపోవడం మీద, చూపు ఆనకపోవడం మీద నవ్వు పుట్టించొద్దు. అవి ఆమె చేతిలో ఉన్నవి కావు. ముద్ద ఎండిపోయే దాకా పూజ చూడడం ఆమె చేస్తున్న పని, దాని మీద నవ్వొచ్చు.

ఆనవాలు ఎక్కడ దాచాలి

మలుపు వచ్చాక పాఠకుడు వెనక్కి పోయి మొదటి పంక్తి చదివితే, "అరె, ముందే చెప్పింది కదా" అనుకోవాలి. అలా అనుకోకపోతే అది మలుపు కాదు, చెప్పకుండా దాచిన విషయం మాత్రమే. అందుకే ఒక ఆనవాలు పైన పెట్టాలి, కానీ అది కంట్లో పడకూడదు.

మా ఆనవాలు అంకె. తినడానికి కూర్చున్నది ఐదుగురు, కంచాలు నాలుగు. బాపును చేర్చి తిరగరాసిన ప్రతిలో ఇవి పక్కపక్కనే ఉన్నాయి:

మేమైదుగురమింట మెతుకులు తినగ
నాలుగు కంచాల నడుమ బువ్వుంది

ఇది ఆమె హాస్టల్ గదిలో ఉండే స్నేహితురాలికి ఇచ్చి చదవమన్నాను. రెండో పంక్తి కాగానే "ఐదో కంచం ఏది?" అని అడిగింది. అంతే, పద్యం అక్కడే అయిపోయింది. మిగతా పంక్తులన్నీ ఆమె ఐదో మనిషిని వెతుక్కుంటూనే చదివింది.

దీనికి మందు రెండు అంకెల మధ్య దూరం పెంచడం. "ఐదుగురం" మొదటి పంక్తిలో ఉండనిచ్చి, "నాలుగు కంచాలు" పదమూడో పంక్తికి దించాం. బువ్వ తీసేసి ఆ చోట చెంబు పెట్టాం, ఎందుకంటే ఫోన్ ఆనేది చెంబుకే. "నడుమ బువ్వుంది", "నడుమ చెంబుంది" రెండూ లలలగ, గల. కొలత మారలేదు. ఖాళీ అయిన రెండో పంక్తిలో "రాతిరి కూసుంటె రాదొక్క మాట" వచ్చింది. ఇది నిజానికి పాత పంక్తి కంటే మేలు, ఎందుకంటే ఆ నిశ్శబ్దాన్ని చివర్లో బాపు ఒక్కడే భంగం చేస్తాడు.

మధ్యలో ఒక్కొక్కరికీ రెండేసి పంక్తులు సమానంగా పంచడం వల్ల పాఠకుడు అంకె లెక్కపెట్టడు, మనుషులను లెక్కపెడతాడు. అన్న, అమ్మ, నాయినమ్మ, నేను, బాపు. ఐదుగురూ వచ్చేశారు, అంతా సరిగానే ఉందనుకుంటాడు. లోటు మనుషుల్లో కాదు, కంచాల్లో ఉంది.

రెండో ఆనవాలు కుబ్బూసు. గల్ఫ్‌లో మనవాళ్ళు రోజూ తినే గుండ్రటి రొట్టె అది. పన్నెండో పంక్తిలో బాపు దాన్ని తుంపుతూ కనిపిస్తాడు. ఆ మాట తెలిసినవాళ్ళకు రెండు పంక్తుల ముందే గుండె కలుక్కుమంటుంది. తెలియనివాళ్ళు ఏదో తినేది అనుకుని దాటిపోతారు, రెండు పంక్తుల తర్వాత వాళ్ళకూ అర్థమవుతుంది. దాన్ని ఇంకా పైకి జరిపితే తెలిసినవాళ్ళకు ముందే తెలిసిపోతుంది. కింద ఫుట్‌నోట్‌లో అర్థం మాత్రం వేయొద్దు. కన్ను పేజీ అడుగుకు పోయి వచ్చేలోపు ఊపు పోతుంది.

ఇక్కడ నిజాలు కూడా సరిచూసుకోవాలి. మన దగ్గర రాత్రి తొమ్మిదైతే దుబాయ్‌లో ఏడున్నర, సౌదీలో, కువైట్‌లో ఆరున్నర. కాబట్టి మనవాళ్ళు తినే వేళకు అతను డ్యూటీ దిగి రొట్టె తుంపుతున్నాడంటే నమ్మొచ్చు. యాప్ పేరు పద్యంలో పెట్టొద్దని కూడా చెప్పాను. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద చాలాకాలంగా ఆంక్షలున్నాయి, అక్కడివాళ్ళు వేరే యాప్‌లు వాడుతుంటారు. పద్యంలో వాట్సాప్ అని రాస్తే, తండ్రి గల్ఫ్‌లో ఉన్న పాఠకుడు మొదట పట్టుకునేది ఆ తప్పునే. "ఫోన్ల" అంటే సరిపోతుంది.

నిలిచిన పద్యం

మేమైదుగురమింట మెతుకులు తినగ
రాతిరి కూసుంటె రాదొక్క మాట

అన్నకు రీలంటె అన్నమే మరుపు
వేలికంటిన పప్పు వీడియోకంటు

కూరవి ఫోటోలు గ్రూపుల పెట్టి
అమ్మ లైకులు జూసె ఆకలి దీర

నాయినమ్మకు ఫోన్ల నడిచేటి పూజ
ముద్ద చేతిల ఎండె మోగేను గంట

నేనేమొ స్టేటస్ల నీతులు పెడ్తి
ఫోనొద్దు తినుమంటు ఫోనులో జెప్తి

బాపొక్కడే మమ్ము పాణంగ జూసె
కుబ్బూసు తుంపుతు కూరేందనడిగె

నాలుగు కంచాల నడుమ చెంబుంది
చెంబుకానిన ఫోన్ల చెయ్యూపె బాపు

మలుపు తర్వాత రాసినదంతా కొట్టేయండి

ఈ పద్యం మొదట పదహారు పంక్తులు. చివర ఇంకో జంట ఉండేది:

పొట్టకై గల్ఫుల పొద్దంత చేసి
మాతోటి మాటకై మరుగుతున్నాడు

గణాలు సరిగ్గానే ఉన్నాయి, మాటలూ నిజమే. ఆ అమ్మాయికి ఇవే అన్నిటికంటే ఇష్టమైన పంక్తులు. కొట్టేద్దామంటే చాలాసేపు ఒప్పుకోలేదు. ఆమె బాధ నాకు అర్థమైంది, ఎందుకంటే తండ్రి మీద ఆమెకున్నదంతా ఆ రెండు పంక్తుల్లోనే పెట్టింది. కానీ "చెయ్యూపె బాపు" అన్నప్పుడు ఎందుకు ఊపుతున్నాడో పాఠకుడు తనే తెలుసుకుంటాడు. కూరేందని అడిగితే ఎవరూ పలకలేదు కాబట్టి చెయ్యి ఊపుతున్నాడు. ఆ తెలుసుకోవడం పాఠకుడి వంతు. "మరుగుతున్నాడు" అని మనమే చెబితే ఆ వంతు లాగేసుకున్నట్టే.

ఇది తేల్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టాం. పద్నాలుగు పంక్తుల ప్రతిని ముగ్గురికి, పదహారు పంక్తుల ప్రతిని ఇంకో ముగ్గురికి ఇచ్చి, చదివాక ఏం అడుగుతారో చూశాం. పెద్ద ప్రతి చదివినవాళ్ళు "బాగుంది" అని కాగితం ఇచ్చేశారు. చిన్న ప్రతి చదివినవాళ్ళలో ఇద్దరు మళ్ళీ మొదటి పంక్తికి పోయారు, ఒకరు "కంచాలు నాలుగే కదా" అని తనలో తను అనుకున్నారు. ఆ తర్వాత ఆమె తనే పెన్ను తీసుకుని రెండు పంక్తులు కొట్టేసింది.

మీ పద్యానికీ ఇలాగే చేయండి. మలుపు ఉన్న పంక్తి కింద చెయ్యి అడ్డం పెట్టి చదవండి. చెయ్యి కింద ఉన్నది లేకపోయినా అర్థమైతే, అది ఉండకూడదు.

ఇంట్లోవాళ్ళ అనుమతి

కాలేజీ పత్రిక ఇంటికి పోతుంది, చుట్టాలు చదువుతారు. అచ్చుకు ఇచ్చే ముందు పద్యంలో ఉన్న ప్రతి ఒక్కరికీ చదివి వినిపించాలి. ఆ అమ్మాయి వాళ్ళ అన్న పప్పు పంక్తికి కోపం తెచ్చుకున్నాడు, తర్వాత నవ్వాడు. బాపుకు కాల్‌లోనే వినిపించింది. ఊరి పేరు, తన పేరు వేయొద్దన్నాడు. అందుకే పద్యం కింద పేరు లేకుండా "డిగ్రీ రెండో సంవత్సరం" అని మాత్రమే వేశాం. ఎవరైనా తమ పంక్తి వద్దంటే తీసేయాల్సిందే. కోపగించుకున్న మనిషిని అచ్చులో పెట్టి నవ్వించడం మా పత్రికలో ఒప్పుకోం.

అచ్చులో పద్యం చెడకుండా

మాండలికంలో రాసిన పద్యానికి అసలు గండం డీటీపీ దగ్గర ఉంటుంది. టైపు చేసేవాళ్ళు మంచి మనసుతోనే "తప్పులు" దిద్దుతారు. "కూసుంటె" అనే మాటను "కూర్చుంటే" చేస్తారు. గగల కాస్తా గగగ అవుతుంది, అది ఇంద్ర గణమే కాదు. "పాణంగ" అనేది "ప్రాణంగా" అయితే అదే జరుగుతుంది. "జూసె" బదులు "చూశాడు" వేస్తే సూర్య గణం పోయి పంక్తి తోక పెరుగుతుంది. మా పత్రికకు ఒకసారి మంచి పద్యం ఇట్లాగే "శుద్ధి" అయి వచ్చింది, అప్పటికే అచ్చైపోయింది. అప్పటి నుంచి ప్రతి పద్యం ప్రతి పైనా ఎర్ర ఇంకుతో "మాండలికం, ఛందోబద్ధం, అక్షరం మార్చవద్దు" అని రాసి పంపుతున్నాం. యూనికోడ్‌లో టైపు చేసింది పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడు "న్ల", "స్ల" వంటి ఒత్తులు చెదిరిపోతుంటాయి. "ఫోన్ల", "స్టేటస్ల" అనే మాటలు రెండింటినీ ప్రూఫ్‌లో వేలు పెట్టి చూసుకోండి.

శీర్షిక మలుపును బయటపెట్టకూడదు. "గల్ఫ్ బాపు" అని ఒకరు సూచించారు, దాంతో అంతా పోతుంది. మేము "రాతిరి బువ్వ" అని పెట్టాం. బొమ్మ వేసే విద్యార్థికి కూడా ముందే చెప్పాలి. మా ఆర్టిస్టు మొదట చెంబుకు ఆనిన ఫోన్‌నే గీసి తెచ్చాడు, చాలా బాగా గీశాడు. అయినా దాన్ని వదిలి, పప్పు మరక ఉన్న స్క్రీన్ బొమ్మ వేశాం. పద్యాన్ని రెండు కాలమ్‌లుగా విడగొట్టొద్దు. ఒకే నిలువు వరుసలో, రెండేసి పంక్తుల తర్వాత ఖాళీ ఇచ్చి వేస్తే చివరి జంట పేజీ అడుగున పడుతుంది, కన్ను అక్కడికి ముందే పోదు.

వార్షికోత్సవంలో చదివేటప్పుడు ఇంకో సంగతి. ద్విపదకు సహజంగా ఒక నడక ఉంది, మొదటి పది పంక్తులు ఆ ఊపులోనే పోనివ్వండి, జనం నవ్వితే ఆగి మళ్ళీ అందుకోండి. "బాపొక్కడే" దగ్గర నుంచి వేగం తగ్గించాలి. "కూరేందనడిగె" తర్వాత రెండు క్షణాలు ఎవరో బదులిస్తారేమో అన్నట్టు ఆగండి. "నడుమ చెంబుంది" మామూలుగా, వస్తువు పేరు చెప్పినట్టే చెప్పాలి. చివరి పంక్తిని గొంతు పెంచకుండా, చెయ్యి ఊపకుండా చదివి, కాగితం మడిచి దిగిపోవాలి.